సబబైన చార్జీ ఎవరు తేల్చాలి?

బీమా ఉత్తరాల్లో "రీజనబుల్ అండ్ కస్టమరీ చార్జీలకు మించింది కనుక తగ్గించాం" అనే మాట కనిపిస్తుంది. ఏ రేటుతో పోల్చి మించిందన్నారో మాత్రం రాయరు. ఈ మౌనం మీదే నా అభ్యంతరం.

హైదరాబాదులో బట్టలు కుట్టుకుని బతికే ఒకామె నాకు తెలుసు. గడ్డల వల్ల రక్తస్రావం ఆగక దగ్గర్లోని ఆస్పత్రిలో చేరితే గర్భసంచి తీసేశారు. ఆ ఆస్పత్రి కంపెనీ నెట్‌వర్క్‌లో లేదు. గొలుసు కుదువపెట్టి 1,50,000 బిల్లు కట్టింది. కంపెనీ ఇచ్చింది 95,000. మిగతా 55,000కు సంజాయిషీ పై వాక్యమొక్కటే.

బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన నిర్వచనం పాలసీలోనే ఉంటుంది. ఆ ఆస్పత్రి అందరి దగ్గరా తీసుకునే మామూలు చార్జీ అయి ఉండాలి; ఆ ప్రాంతంలో అలాంటి వైద్యానికే నడుస్తున్న రేటుకు పొంతన ఉండాలి; జబ్బు స్వభావాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. కంపెనీలు రెండోదాన్ని పట్టుకుని మిగతా రెంటినీ వదిలేస్తాయి.

ఆ రెండోదైనా నిజాయితీగా పాటించారా? ఆమె రాతపూర్వకంగా అడిగితే, 95,000 నెట్‌వర్క్ ఆస్పత్రులతో కుదుర్చుకున్న ప్యాకేజీ అని తేలింది. రోగుల్ని పంపుతామని బేరమాడి తగ్గించిన రేటది. వీధిలోంచి నడిచొచ్చిన మనిషికి ఆ రేటు ఎవరిస్తారు? అది ఒప్పందపు రేటే గాని ఊళ్లో నడిచే రేటు కాదు. పైగా ఆమెకు ముందరి రెండు సిజేరియన్ల వల్ల కడుపులో కణజాలం అతుక్కుపోయి ఆపరేషన్ ఎక్కువసేపు పట్టింది. ప్యాకేజీ లెక్కకు ఈ ఒళ్లు కనిపించలేదు.

ఆస్పత్రుల్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. బీమా ఉందని తెలియగానే బిల్లు పెంచేవాళ్లున్నారు. ఈమె బిల్లులోనూ రేట్ల పట్టికలో లేని "సేవా చార్జీ" 8,000 ఉంది. దాన్ని కంపెనీ కొట్టేయడం న్యాయమే, ఆమె దాన్ని ఆస్పత్రినే అడగాలి. పోరాడవలసింది మిగతా 47,000 కోసం.

దానికి కావలసిన కాగితాలు మూడు: ఆస్పత్రి రేట్ల పట్టిక, అదే స్థాయి ఆస్పత్రులు రెండుమూడింటి నుంచి అదే ఆపరేషన్‌కు రాతపూర్వక అంచనాలు, అతుకుల సంగతి రాసిన ఆపరేషన్ నోట్సు. పోల్చేటప్పుడు కోత ఆపరేషన్‌ను లాపరోస్కోపీతో కలపకూడదు. క్లెయిములో కొంత కాదన్నా, పాలసీలోని ఏ షరతు ప్రకారమో వివరంగా చెప్పాలని 2024 నాటి మాస్టర్ సర్క్యులర్ కంపెనీలను ఆదేశించింది. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడ ఆమె మొదట వేయవలసిన ప్రశ్న ఒకటే: మీ ప్యాకేజీ రేటుకు నెట్‌వర్క్ బయటి ఏ ఆస్పత్రి నాకు ఈ ఆపరేషన్ చేసేది, దాని పేరు చెప్పండి.