ఖానాల మధ్య ఖాళీని కూడా చదవాలి

మా భతీజీ కాలేజీ లైబ్రరీ నుంచి ఒక కితాబ్ తెచ్చుకుంది. మర్జానె సత్రాపి రాసి, తనే బొమ్మలు గీసిన 'పెర్సెపోలిస్'. ఇరాన్‌లో ఇన్‌ఖిలాబ్ వచ్చిన రోజుల్లో, ఆ తర్వాత ఇరాక్‌తో జంగ్ నడిచిన రోజుల్లో టెహ్రాన్‌లో పెరిగిన అమ్మాయి ఆప్‌బీతీ అది. 2000 నుంచి 2003 దాకా ఫ్రెంచ్‌లో నాలుగు భాగాలుగా వచ్చింది, తర్వాత ఇంగ్లిష్‌లోకి వెళ్ళింది. అంతా నలుపు తెలుపు.

భాయిజాన్ మొదటి సఫా తెరిచాడు. తలకు నల్ల గుడ్డ, ముఖంలో నవ్వు లేని ఒక పిల్ల. పైన అధ్యాయం పేరు పరదా గురించి. అంతే, మూసి అల్మారా మీద పెట్టేశాడు. "మన మజహబ్‌ను బద్నామ్ చేసే కితాబ్" అని ఫైసలా చెప్పేశాడు. భతీజీ దాన్ని దించుకుని ఒక్క సాయంత్రంలో చదివేసింది. "మాటలు తక్కువే ఫుప్పూ, అయిపోయింది" అంది.

నా దృష్టిలో ఇద్దరిదీ ఒకటే గల్తీ. ఒకరు ఒక తస్వీర్ చూసి ఆగిపోయారు, ఇంకొకరు లఫ్జ్‌లు మాత్రమే చదివి వెళ్ళిపోయారు. ఇలాంటి కితాబ్‌లో అసలు మాట ఈ రెండింటి మధ్య ఉంటుంది. బొమ్మ ఉన్న చతురస్రాన్ని ప్యానెల్ అంటారు, మన జుబాన్‌లో ఖానా అనుకోండి. రెండు ఖానాల మధ్య వదిలిన తెల్లటి సన్నని జాగాను గటర్ అంటారు. ఆ ఖాళీలో ఏం జరిగిందో చదివేవాళ్ళే పూరించుకోవాలి. ఆ పూరించుకోవడం వల్లే బొమ్మల వరస కథ అవుతుందని స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో 'అండర్‌స్టాండింగ్ కామిక్స్'లో వివరంగా చెప్పాడు.

భాయిజాన్ మూసేసిన ఆ సఫానే మళ్ళీ తెరుద్దాం. మొదటి ఖానాలో మర్జీ ఒక్కతే, పదేళ్ళ పిల్ల, 1980. రెండో ఖానా క్లాసు ఫోటో. సహేలీలు వరసగా కూర్చున్నారు. తాను ఎడమ చివర ఉన్నానని, అందుకే కనబడటం లేదని రాసింది. నిజంగానే ఖానా అంచు ఆ పిల్లను కోసేసింది. ఎడమ చివర ఒక చిన్న ముక్క మిగిలింది, అంతే. ఆ అంచు పక్కనే గటర్, గటర్ పక్కనే మొదటి ఖానాలో పూర్తి మర్జీ. అంటే ఆ సన్నని తెల్ల గీత తనకూ తన తోటివాళ్ళకూ మధ్య వచ్చి పడింది. లఫ్జ్‌లలో ఈ గమ్ లేదు. ఫోటోలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పే మామూలు మాటలే ఉన్నాయి.

ఉర్దూ చదివే మనకు ఇక్కడ ఒక సంగతి తొందరగా తడుతుంది. మన చూపు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఈ ఖానాలనే ఉర్దూ కోసం కుడి నుంచి పేర్చి, బొమ్మల్ని తిప్పకుండా వదిలేస్తే ఏమవుతుంది? ఒంటరి మర్జీ కుడికి పోతుంది, ఫోటో ఎడమకు వస్తుంది. కోసేసిన అంచు సఫా చివర హాషియా వైపు పడుతుంది. రెండు మర్జీల మధ్య ఉన్న గటర్ మాయమవుతుంది. ఒక్క లఫ్జ్ మారలేదు, మాయనే మారిపోయింది.

అదే సఫాలో కింద పెద్ద ఖానా ఉంది. బడి ఆవరణలో పిల్లలు ఆ గుడ్డల్ని స్కిప్పింగ్ తాడు చేసుకుని ఆడుతున్నారు. పైన ఫోటోలో బిగుసుకున్న పిల్లలు కింద పరుగులు పెడుతున్నారు. గుడ్డ అదే. పైన హుకుమ్, కింద ఆట. కాబట్టి ఈ సఫా హిజాబ్ మంచిదా చెడ్డదా అని బహస్ చేయడం లేదు. ఎందుకో చెప్పకుండా ఒక హుకుమ్ పిల్లల మీద పడితే ఏమవుతుందో చూపిస్తోంది.

ఇక అక్షరాలు. మన ఇళ్ళ గోడల మీద తుగ్రాలు ఉంటాయి, అక్షరం కూడా తస్వీరే అని మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఈ కితాబ్‌లో మాట ఉన్న జాగాను బట్టి అది ఎవరి ఆవాజ్ అన్నది తెలుస్తుంది. ఖానా పైనో కిందో ఉండే కాప్షన్, పెద్దయ్యాక వెనక్కి చూసుకుంటున్న ఆడమనిషిది. నోటి దగ్గర తోక ఉన్న బెలూన్, అప్పటి పిల్లది. రెండు ఉమ్రల ఆవాజ్‌లు ఒకే ఖానాలో ఉంటాయి.

ఇది తెలిస్తేనే 'షబ్బత్' అనే అధ్యాయం చివరి సఫా అర్థమవుతుంది. మర్జీ వీధి మీద మిసైల్ పడింది. పొరుగున ఉన్న యహూదీ కుటుంబం ఇల్లు నేలమట్టమైంది. శిథిలాల్లో తన సహేలీ చేతి గాజు కనిపించింది. ఆ గాజు ఇంకా దేనికో అంటుకుని ఉంది. దేనికి అన్నది గీయలేదు. తర్వాత మర్జీ నోటికి చేతులు అడ్డం పెట్టుకుంటుంది. ఆ తర్వాత ముఖం కప్పుకుంటుంది. ఆఖరి ఖానా మొత్తం నలుపు. ఏ కేకా తన బాధను తీర్చలేదు అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం ఉంది. అది కాప్షన్. బెలూన్ లేదు. అంటే పెద్దయిన మనిషి మాట్లాడుతోంది, ఆ పిల్ల నోట ఏమీ రాలేదు. ఆ నల్ల ఖానా మూసుకున్న కళ్ళ లోపలిది. నేను అక్కడ చాలాసేపు ఆగాను. భతీజీ ఒక్క వాక్యం చదివి సఫా తిప్పేసింది. మాట ఒక్కటే, ఖామోషీ మూడు ఖానాలు.

భాయిజాన్ ఎత్రాజ్‌లో సచ్ లేదని నేను అనను. బొమ్మల్లో గుడ్డ మడతలు లేని చదునైన నలుపు. ఆ నలుపు చూడగానే పట్టేస్తుంది, కానీ దాన్ని ఇష్టంతో కప్పుకునే ఆపాలను, బలవంతంగా కప్పించబడ్డవాళ్ళను వేరుచేసి చూపడం దానికి కష్టం. పైగా ఇది టెహ్రాన్‌లో చదువుకున్న, డబ్బున్న ఒక ఖాందాన్ కథ. ఇరాన్ ఔరత్‌లందరి కథ అని ఎవరైనా అంటే అదీ గల్తీయే. కానీ ఇవి కితాబ్‌ను పూర్తిగా చూసినవాళ్ళు చెప్పాల్సిన ఎత్రాజ్‌లు. మొదటి బొమ్మ చూసి చెప్పేవి కావు.

అందుకే మొన్న భాయిజాన్‌తో ఒకటే అన్నాను. "ఒక సఫా తీసుకో. మాటల మీద చెయ్యి పెట్టి బొమ్మలే చూడు. తర్వాత బొమ్మలు మూసి మాటలే చదువు. ఆఖర్న చెయ్యి తీసెయ్. మూడుసార్లూ ఒకే మాట వినిపిస్తే ఆ సఫా కమ్‌జోర్. మూడోసారి కొత్తది వినిపిస్తే, అది ఖానాల మధ్య నుంచి వచ్చింది."

ఆయన ఒప్పుకున్నాడని చెప్పను. ఆ నల్ల ఖానా సఫా తెరిచి, "ఇందులో తస్వీర్ ఏదీ?" అన్నాడు. పక్కన కూర్చున్న భతీజీ, "అబ్బా, ముందు దాని పైన రెండు ఖానాలు చూడండి" అంది. ఆ సాయంత్రం కితాబ్ అల్మారా మీదికి మళ్ళీ ఎక్కలేదు.