బాపు మొహం మీది నీలి గీత

పోయిన నెల మా బాపు రిటైర్మెంట్ ఫంక్షన్‌కి ఫ్లెక్సీ కొట్టించాం. గోదావరిఖనిలో నెలాఖరు వస్తే ఇలాంటివి గల్లీకొకటి కనిపిస్తాయి. మా ఫ్లెక్సీ విప్పగానే అమ్మ అన్న మొదటి మాట: "గీయనెవరు?" నుదురు నుంచి గదవ దాకా ఒకటే రంగు, కొత్తగా సున్నం కొట్టిన గోడ లెక్క. ఇన్నేళ్లు బాయిలకు దిగిన మనిషి మొహంలో ఒక్క రంధ్రం లేదు, ఒక్క గీత లేదు.

చర్మం సాఫు చేయడం తప్పని నేననను. ఆ ఫోటోలో ఫ్లాష్ పడి నుదురు మెరిసింది, చెంప మీద నల్లటి మచ్చలా నీడ పడింది. వాటిని సరిచేయాల్సిందే. నా గొడవ మొత్తం మొహాన్ని ఒకేసారి బ్లర్ చేసే పద్ధతితోనే. బ్లర్ అంటే మనం సిగ్నల్స్ క్లాసులో చదివిన లో పాస్ ఫిల్టరే. అది ముందు మింగేది సన్నటి వివరాలను, అంటే చర్మరంధ్రాలను. పోవాల్సిన పెద్ద నీడ మాత్రం చాలావరకు మిగులుతుంది. దాన్ని కూడా తీసేద్దామని ఇంకా బ్లర్ పెంచితే బొమ్మ తయారవుతుంది.

ఫ్రీక్వెన్సీ సెపరేషన్ ఈ రెండింటినీ విడదీస్తుంది. ఫోటోషాప్‌లో లేయర్‌ని రెండుసార్లు కాపీ చేసి, కింది కాపీకి Gaussian Blur ఇవ్వాలి. రంగు, నీడ అందులో ఉంటాయి. పై కాపీలో Apply Image తెరిచి, కింది లేయర్‌ని ఎంచుకుని, Subtract, Scale 2, Offset 128 పెట్టాలి (ఎనిమిది బిట్ల ఫైలుకి). తర్వాత దాని బ్లెండ్ మోడ్ Linear Light. ఇప్పుడు ఫోటో మొదట ఎలా ఉందో అలాగే కనబడాలి. తేడా కనిపిస్తే ఎక్కడో అంకె తప్పు పడ్డట్టే, ముందుకు పోవద్దు.

లెక్క చూడండి. చెంప మీది నీడలో కింది లేయర్ విలువ 130, అక్కడున్న రంధ్రం 120 అనుకుందాం. తేడా మైనస్ 10, సగం చేసి 128 కలిపితే పై లేయర్‌లో 123. ఇప్పుడు నీడ పోగొట్టడానికి కింది లేయర్‌ని 145కి తెచ్చాను. Linear Light ఆ 123ని మళ్లీ మైనస్ 10గా చదువుతుంది కాబట్టి రంధ్రం 135 అవుతుంది. చర్మం తేటపడింది, రంధ్రం మాత్రం చుట్టుపక్కల కంటే 10 తక్కువగానే ఉంది. పై లేయర్‌ని మనం ముట్టుకోనే లేదు.

అసలు తెలివి రేడియస్ ఎంచుకోవడంలో ఉంది. బాపు మొహం ఫోటోలో సుమారు 1100 పిక్సెళ్ల వెడల్పు. 3 పెడితే కింది లేయర్‌లో రంధ్రాలు ఇంకా కనబడ్డాయి. అప్పుడు అక్కడ బ్లర్ చేస్తే అవీ పోతాయి. 20 పెడితే నీడ అంచులు కూడా పై లేయర్‌లోకి ఎక్కాయి. కింద ఎంత రుద్దినా మరక పోదు. రంధ్రాలు అప్పుడే మాయమయ్యే చోట, 6 దగ్గర ఆపాను. తర్వాత కింది లేయర్‌లో నీడ చుట్టూ లాసోతో గీసి, ఫెదర్ 15 ఇచ్చి, ఆ ముక్కకే 25 బ్లర్. మొదటిసారి లాసో మీసానికి తగిలింది, నలుపు చెంప మీదికి పొగలా పాకింది. అన్‌డూ చేసి, ఈసారి మీసానికి దూరంగా గీశాను.

ఒరిజినల్ ఫైలే వాడండి, వాట్సాప్‌లో వచ్చింది కాదు. అక్కడ కంప్రెషన్ రంధ్రాలను ముందే తినేసి, ఎనిమిది పిక్సెళ్ల గళ్లు మిగులుస్తుంది. పై లేయర్ ఆ గళ్లను భద్రంగా దాస్తుంది! నుదుటి మీద ఫ్లాష్‌కి పూర్తిగా తెల్లబడ్డ చోటు సంగతీ అంతే. కెమెరాకే చిక్కని రంధ్రాన్ని ఏ లేయరూ ఇవ్వలేదు. అక్కడ మెరుపు కొంచెం తగ్గించి వదిలేశాను.

ఇక కనుబొమ్మ పైన నీలి గీత. బాయిల పనిచేసినోళ్లకు తెలుసు, దెబ్బలో బొగ్గు పొడి ఉండిపోయి మానితే ఆ నీలం చర్మంలోనే నిలిచిపోతుంది. ఆ గీత వెడల్పు దాదాపు 15 పిక్సెళ్లు. అంటే రేడియస్ కంటే పెద్దది, నీలం చాలావరకు కింది లేయర్‌లోనే ఉంది. లాసోలో పడితే రంగు పోయి, అంచుల గరుకు మాత్రం పైన మిగిలి, ముడతలా కనిపిస్తుంది. ఏది మరకో, ఏది మనిషిదో ఈ పద్ధతికి తెలియదు, దానికి తెలిసింది సైజు ఒక్కటే. మా బావ "గది గూడ తీసెయ్యరాదురా, మంచిగుంటది" అన్నాడు. నేను తియ్యలేదు. లాసోని గీత పక్కనుంచి తిప్పాను.

ఫ్లెక్సీకి ఎలాగూ ఆలస్యమైంది, పన్నెండు బై పద్దెనిమిది ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "కాలర్ వంకరున్నది, సక్కగ చెయ్యకపోయినవా" అన్నాడు.