రెండు గంటల అలారం

మొన్న బుధవారం రాత్రి ఒంటిగంటకి గన్నవరం నుంచి నా ఇంజినీరింగ్ స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది, కుడివైపు పడిపోయింది. వీడు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తూ చూసుకుంటున్నాడు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నారని రాత్రంతా అలారాలు. ఆ ముందు రాత్రి రెండింటిదీ, నాలుగింటిదీ వినపళ్ళేదు. పొద్దున చూస్తే నడుం కింద ఎముక మీద రూపాయి బిళ్ళంత ఎరుపు. "నేను నిద్రపోబట్టే కదరా" అని ఏడ్చాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే, వాణ్ణి అడిగే ఈ టపా రాస్తున్నా.

ఒరేయ్, ముందు ఆ ఎరుపు సంగతి. వేలితో కాసేపు నొక్కి వదిలెయ్. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే అక్కడ రక్తం ఆడుతోందన్నమాట. నొక్కినా రంగు మారకపోతే అది పుండుకి మొదటి మెట్టు. మనలాంటి చామనఛాయ వాళ్ళకి రంగు సరిగ్గా తెలియదు కాబట్టి చేత్తో తాకి కూడా చూడు. చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగానో ఉంటే అదీ గుర్తే. చర్మం చిట్లనంతవరకు, ఆ చోట బరువు పడకుండా చూస్తే సాధారణంగా తగ్గిపోతుంది. చిట్లినా, నల్లబడినా, వాసన వచ్చినా మాత్రం ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. తగ్గేదాకా వెల్లకిలా పడుకోబెట్టకు. పూర్తిగా పక్కకి కాకుండా, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాల్చు. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు. ఇంకొకటి, అక్కడ రుద్దకు. మా నాయనమ్మకి మేమంతా ప్రేమగా స్పిరిట్, పౌడర్ పెట్టి రుద్దీ రుద్దీ ఎరుపుని పుండు చేశాం.

ఇక నీ రెండు గంటలు. అదేం శిలాశాసనం కాదురా. 2013లో టర్న్ అనే పరిశోధన వచ్చింది. అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో 900 మందికి పైగా పెద్దవాళ్ళని కొందర్ని రెండు, కొందర్ని మూడు, కొందర్ని నాలుగు గంటలకోసారి తిప్పుతూ మూడు వారాలు చూశారు. పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే వాళ్ళంతా మంచి ఫోమ్ పరుపుల మీద ఉన్నవాళ్ళు, మొదట్లో పుండు లేనివాళ్ళు. మన దూది పరుపు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఇవాళే అలారం మార్చెయ్యకు. ఎరుపు పోయాక డాక్టర్‌ని అడిగి మూడు గంటలు చేసి చూడు. నాలుగైదు రోజులు పొద్దున్నే చర్మం బాగుంటే నాలుగు. అప్పుడు పదకొండు, మూడు, ఏడు. మధ్యలో నాలుగేసి గంటల నిద్ర. మళ్ళీ ఎరుపు కనబడితే వెనక్కి రా, అంతే (రోల్‌బ్యాక్ మనకి కొత్తా?).

మీరు కొన్న గాలి పరుపుని కూడా గుడ్డిగా నమ్మకు. నాన్నగారు పడుకుని ఉండగా, ఆ పరుపు కింద, సరిగ్గా నడుం దగ్గరికి అరచెయ్యి దూర్చి చూడు. చేతికీ ఆయనకీ మధ్య అంగుళం మందాన గాలి ఉండాలి. ఎముక చేతికి తగిలితే ఆ పరుపు ఉన్నా లేనట్టే, పంపు మీద బరువు సెట్టింగ్ సరిచెయ్యాలి. కరెంటు పోతే పంపు ఆగిపోతుంది, దాన్ని ఇన్వర్టర్ లైనుకి కలుపు.

"ఎన్నిసార్లు పిలుస్తావ్ నాన్నా" అని అరిచానన్నావు, అది నిన్ను తినేస్తోందన్నావు. 1980లో స్టీవెన్ జారిట్ అనే ఆయన, రోగుల్ని చూసుకునేవాళ్ళ భారం కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. తర్వాత వాడుకలో స్థిరపడిన దాంట్లో 22 ప్రశ్నలు. ఆయన దగ్గరున్నప్పుడు కోపం వస్తోందా అని ఒకటి. ఇంకా ఎక్కువ చెయ్యాల్సింది అనిపిస్తోందా అని ఇంకొకటి. నువ్వు ఫోన్లో అన్న రెండు ముక్కలూ అందులో ఉన్నాయి, జ్వరం ఎంతుందో చూసినట్టు కొలవడానికి. నీకు జ్వరం ఎక్కువే ఉంది, నిద్ర లేక. నువ్వు చెడ్డ కొడుకువని నేను మాత్రం అనుకోను.

వారానికి మూడు రాత్రులు మనిషిని పెట్టుకోమంటే, "పరాయివాడి చేతిలో పెడతానా" అన్నావు. తిప్పడం, డైపర్ మార్చడం నేర్పితే ఎవరైనా చేస్తారురా. సాయంత్రం పేపర్ చదివి వినిపించడానికి ఆయనకి కావాల్సింది నువ్వు. అదిప్పుడు నువ్వు చెయ్యట్లేదు, కూర్చుంటే కునుకు పడుతోందని నువ్వే చెప్పావు. పెట్టుకున్న మనిషికి మొదటి రాత్రి పక్కనుండి చూపించు. తిప్పిన టైము, ఏ వైపు తిప్పాడో, చర్మం ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాయమను. పొద్దున చదువుకో.

శనివారం సాయంత్రానికి వస్తున్నా. ఆ రాత్రి పది నుంచి ఆరు దాకా డ్యూటీ నాది. ఎరుపు ఉన్నంతవరకు రెండు గంటల లెక్కే కాబట్టి అలారాలన్నీ నా ఫోన్లో పెట్టుకుంటా. నువ్వు మేడ మీదకెళ్ళి పడుకో, నీ ఫోన్ కిందే వదిలెయ్. అమ్మతో చెప్పు, నాకు చారన్నం చాలు.