గుత్త ధర - విత్తనం కొనని రైతు లెక్క

కొండపల్లి దాటి నందిగామ, జగ్గయ్యపేటల వైపు సాగే మెట్ట భూములలో ప్రత్తి ముఖ్యమైన పంట. 2006 ఆరంభంలో ఆంధ్రప్రదేశ్‌లో 450 గ్రాముల బీటీ ప్రత్తి విత్తన ప్యాకెట్టు ధర 1,600 రూపాయలకు పైగా ఉండేది. అందులో 1,250 రూపాయలు సాంకేతిక రుసుము. ఆనాడు బీటీ జన్యువు సరఫరాలో మహికో మాన్‌శాంటో బయోటెక్‌దే ఆధిపత్యం. రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య విధానాల కమిషన్‌ను ఆశ్రయించగా, ఆ ఏడాది మే నెలలో మధ్యంతర ఉత్తర్వు వెలువడింది. తరువాత ప్రభుత్వం ప్యాకెట్టు ధరను 750 రూపాయలుగా నిర్ణయించింది.

ఈ వివాదంలో రైతు అధికంగా చెల్లించిన సొమ్ముపైనే చర్చ సాగింది. అర్థశాస్త్ర దృష్టిలో ఆ సొమ్ము బదిలీ మాత్రమే. రైతు చేతి నుండి సంస్థ చేతికి మారినది. సమాజానికి కలిగే అసలు నష్టం అమ్ముడుపోని ప్యాకెట్లలో ఉంటుంది. దానినే డెడ్‌వెయిట్ నష్టం అంటారు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకొందాం. ప్యాకెట్టు ఉపాంత వ్యయం 400 రూపాయలనుకొందాం. పోటీ మార్కెట్టులో ధర కూడ అంతే ఉండి, ఒక ప్రాంతంలో 10,000 ప్యాకెట్లు అమ్ముడవుతాయి. ధర 24 పైసలు పెరిగినప్పుడల్లా ఒక ప్యాకెట్టు గిరాకీ తగ్గుతుందనుకొంటే, 1,600 రూపాయల వద్ద 5,000 ప్యాకెట్లే అమ్ముడవుతాయి. గుత్త సంస్థ అక్కడే ఆగుతుంది. ఎందుకనగా మరొక ప్యాకెట్టు అమ్మితే సుమారు 1,200 రూపాయల లాభం వచ్చినా, ధరను 24 పైసలు తగ్గించినందువలన మొదటి 5,000 ప్యాకెట్లపై 1,200 రూపాయలు పోతాయి.

ఇక్కడ బదిలీ 60 లక్షల రూపాయలు. కొనని 5,000 ప్యాకెట్ల విలువ రైతులకు 1,600 నుండి 400 రూపాయల వరకు ఉన్నది. ఉత్పత్తి వ్యయం 400 మాత్రమే. ఈ త్రిభుజ వైశాల్యం 30 లక్షలు. ఇది రైతుకూ దక్కదు, సంస్థకూ దక్కదు. ధర 750 అయితే అమ్మకం సుమారు 8,540 ప్యాకెట్లకు పెరిగి, నష్టం రెండున్నర లక్షలకు దిగుతుంది.

అయితే ఈ లెక్కకు హద్దులున్నవి. గిరాకీ ధరకు అంతగా స్పందించకపోతే త్రిభుజం చిన్నది, బదిలీ పెద్దది. ఉపాంత వ్యయంలో పరిశోధన వ్యయం చేరదు. ధర మరీ తగ్గితే కొత్త రకాల పరిశోధనకు పెట్టుబడి కొరవడవచ్చు. నిర్ణీత ధర ఉత్పత్తి వ్యయం కన్న దిగువన ఉంటే విత్తన కొరత, నల్లబజారు తప్పవు.

కనుక విస్తరణ శాస్త్రవేత్తల సర్వేలు ప్యాకెట్టు కొన్న రైతుతో ఆగరాదు. ధర భరించలేక మునుపటి పంట విత్తనం దాచి విత్తినవారిని, అనుమతి లేని విత్తనం కొన్నవారిని, ప్రత్తి మానివేసినవారిని విడివిడిగా నమోదు చేయాలి. ఏ ధరకైతే కొనేవారో వారినే అడగాలి. డెడ్‌వెయిట్ నష్టం అమ్మకపు రశీదులలో కనిపించదు. దానిని కొలిచే ఆధారం ఈ రైతుల సమాధానాలలోనే ఉన్నది.