కన్నం ఇక్కడ, పురుగు ఎక్కడ?

గుత్తి వంకాయ వండేవారికి ఈ అనుభవం కొత్త కాదు. ఏరి తెచ్చిన లేత కాయ. పైన మచ్చ లేదు, గాటు లేదు. ముచ్చిక పట్టుకుని నాలుగు పక్షాలుగా చీల్చగానే లోపల నల్లటి సొరంగం, దాని చివర గులాబీ రంగు పురుగు. పైన కన్నమే లేనప్పుడు ఇది లోపలికి ఎలా వెళ్లింది? మరోసారి దీనికి సరిగ్గా వ్యతిరేకం. కాయకు బఠాణీ గింజంత కన్నం ఉంటుంది. కోసి చూస్తే పురుగు ఉండదు. ఈ రెండు చిక్కుముడులకూ జవాబు ఒకటే. ఆ జవాబు తెలియకపోతే వంగ తోట ఫొటో చూసి చెప్పే సలహా తప్పుతుంది. డబ్బూ, మందూ వృథా అవుతాయి.

గుంటూరు జిల్లాలో అరెకరం వంగ వేసిన మా బాబాయి ఒక మధ్యాహ్నం వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపారు. వెనకే ఫోను. "ఏరా అబ్బాయ్, పురుగు మందు తెచ్చి పెట్టుకున్నాను. సాయంత్రం కొట్టేస్తాను. ఇదే కదా?" మర్నాడు కాయ కోత ఉందని కూడా ఆయనే చెప్పారు. అంటే సాయంత్రం కొట్టిన మందు తెల్లవారేసరికి సంతకు చేరుతుందన్నమాట. "ఒక్క రోజు ఆగండి బాబాయ్, ముందు ఫొటోలు చూడనివ్వండి" అన్నాను.

మొదటి ఫొటోలో ఏపుగా ఉన్న మొక్కల మధ్య నాలుగైదు కొమ్మల చివర్లు మెడ విరిచినట్లు వాలిపోయి ఉన్నాయి. వంగలో మొవ్వు, కాయతొలుచు పురుగు చేసే మొదటి నష్టం ఇలాగే కనిపిస్తుంది. కాయలు లేని లేత దశలో పిల్ల పురుగు లేత కొమ్మలోకి దూరి లోపలి గుజ్జు తింటుంది. పైకి నీరు అందక చివరి నాలుగు ఆకులు వాడి వేలాడతాయి. కింది ఆకులు మాత్రం పచ్చగా, నిటారుగానే ఉంటాయి. చూడాల్సింది ఆ తేడానే. కాకపోతే ఆ ఫొటో మండుటెండలో తీసింది. నీటి ఎద్దడి ఉన్నా మధ్యాహ్నం వంగ ఆకులు వేలాడి, సాయంత్రానికి తేరుకుంటాయి. అందుకే తెల్లవారుజామున అవే మొక్కలను మళ్లీ తీయమన్నాను. చల్లటి పొద్దుట కూడా తల ఎత్తని కొమ్మ ఉంటే అది ఎండ చేసిన పని కాదు.

రెండో ఫొటో కాయది. గుండ్రటి కన్నం, దాని అంచు ఎండి గోధుమ రంగుకు తిరిగింది. బాబాయి భయమంతా దాని మీదే. నిజానికి ఆ ఫొటో అయిపోయిన కథ చెబుతోంది. తెల్లటి రెక్కల మీద గోధుమ, గులాబీ మచ్చలుండే ఈ చిన్న రెక్కల పురుగు రాత్రిపూట ఆకుల అడుగున, లేత కొమ్మల మీద, మొగ్గల మీద, కాయ ముచ్చిక దగ్గర ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలిన కొద్ది గంటల్లోనే వెంట్రుకంత పిల్ల పురుగు ఎక్కువగా ముచ్చిక కింది నుంచి కాయలోకి దూరుతుంది. అది దూరిన రంధ్రం సూదిమొన అంత. కాయ పెరిగే కొద్దీ అది పూడిపోతుంది. లోపల రెండు వారాల పాటు తిని, దాదాపు రెండు సెంటీమీటర్లు పెరిగిన పురుగు బయటకు రావడానికి తొలిచేదే మనకు కనిపించే కన్నం. అక్కడి నుంచి నేల మీదకు దిగి, రాలిన ఆకుల మధ్య గూడు కట్టుకుని, వారం పది రోజుల్లో మళ్లీ రెక్కలు తొడుక్కుంటుంది.

మన వంటింటి చిక్కుముడి ఇక్కడే విడిపోతుంది. కన్నం లేని కాయలో పురుగు ఉండవచ్చు. కన్నం ఎండిన కాయలో అది ఉండకపోవచ్చు. దీనికి ఒక మినహాయింపు ఉంది. కన్నం నోట్లో తడిగా, తాజాగా పురుగు రెట్ట బయటకు తోసుకొచ్చి ఉంటే లోపల ఇంకా ఎవరో పనిలో ఉన్నారని అర్థం. కాబట్టి కాయ ఫొటో అడిగేటప్పుడు కన్నం అంచు, రెట్ట రంగు స్పష్టంగా కనిపించేలా ఒకటి, అదే కాయను నిలువునా కోసి మరొకటి అడగాలి. కోసిన ఫొటోలో సొరంగం ఉందా, పురుగు ఉందా, కేవలం కుళ్లు ఉందా అన్నది తేలిపోతుంది. కాయ మీద పల్లంగా దిగిన మచ్చ, అందులో వలయాలుగా నల్లటి చుక్కలు ఉండి, లోపల సొరంగం లేకపోతే అది శిలీంధ్రం తెచ్చే కాయకుళ్లు. దానికి పురుగు మందు పనికిరాదు.

మర్నాడు ఉదయం ఆరు గంటలకే బాబాయి రంగంలోకి దిగారు. మొదట వచ్చిన ఫొటోలో వెనకనున్న గట్టు స్పష్టంగా, ముందున్న కొమ్మ మసకగా పడింది. ఫోన్ కెమెరాలతో ఇది మామూలే. కొమ్మ వెనక అరచేయి అడ్డం పెట్టమన్నాను. రెండోసారి ఆకు ఈనెలు కూడా లెక్కపెట్టేంత చక్కగా వచ్చింది. ఆ తర్వాత పొలంలో ఐదు చోట్ల నుంచి మొత్తం పది వాడిన చివర్లు తుంచి, బ్లేడుతో నిలువునా చీల్చి, పక్కన రూపాయి నాణెం పెట్టి తీయమన్నాను. నాణెం పక్కన ఉంటే పురుగు వయసు అంచనాకు వస్తుంది. నాణెం వెడల్పుకు కాస్త తక్కువగా, గులాబీ రంగులో ఉంటే అది నేడో రేపో బయటకు వెళ్లేదే. బియ్యపు గింజకన్నా చిన్నగా, తెల్లగా ఉంటే ఇప్పుడే వచ్చిందని అర్థం.

పదింటిలో ఎనిమిదింటిలో పురుగు దొరికింది. ఒకదాంట్లో సొరంగం, రెట్ట ఉన్నాయి కానీ పురుగు లేదు. ఆ కొమ్మ అప్పటికే ఎండి గోధుమ రంగుకు వచ్చింది. ఈ పురుగు ఒక కొమ్మ వదిలి మరో కొమ్మలోకి పోగలదు కాబట్టి ఎండిన చివరలో వెతికితే తరచూ ఖాళీ సొరంగమే దక్కుతుంది. పదోదాంట్లో అసలు సొరంగమే లేదు. కోతలో ఎవరి చేయో తగిలి విరిగిన కొమ్మ అది. చీల్చకుండా చూస్తే ఈ పదీ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఇక మూడో ఫొటో. గట్టు పక్కన రెండు మొక్కలు ఆకుల పచ్చదనం తగ్గకుండానే అడుగు నుంచి చివరి దాకా వాలిపోయాయి. "ఇదీ ఆ పురుగే, ముదిరింది" అన్నారు బాబాయి. నాకు మాత్రం అనుమానం వచ్చింది. కొమ్మ చివర తొలిచే పురుగుకు మొక్క మొత్తాన్ని ఒకేసారి పడగొట్టే పద్ధతి లేదు. కాండం మొదట్లో తొలిచే పురుగు వేరే ఉంది. కాండం చీల్చితే సొరంగం కనిపించలేదు కాబట్టి అదీ కాదు. మిగిలిన పరీక్షకు గాజు గ్లాసు చాలు. మొక్క అడుగు భాగం నుంచి జానెడు కాండం కోసి, కోసిన కొస మంచినీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకోమన్నాను. కొద్ది నిమిషాల్లో కోత నుంచి పాల ధారలాంటి తెల్లటి దారం కిందికి దిగింది. ఆయన దాన్నీ ఫొటో తీశారు. అది బాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు. ఆ రెండు మొక్కలనూ వేళ్లతో సహా పీకి తీసేయడం, అటు నుంచి నీరు మిగతా మడిలోకి పారకుండా చూడడం తప్ప వాటికి చేయగలిగింది లేదు. ముందు రోజు సాయంత్రం మందు కొట్టి ఉంటే ఈ మొక్కలు ఎలాగూ చచ్చేవి. "మందు పని చేయలేదు" అని బాబాయి ఇంకాస్త ఘాటైనది కొనేవారు.

ఈ పురుగు పేరు ఒకప్పుడు ఢిల్లీ దాకా వెళ్లింది. దీని కోసమే తయారు చేసిన బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల సంఘం ఆమోదం తెలపగా, హైదరాబాద్ సహా పలు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపిన అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2010 ఫిబ్రవరిలో దానికి బ్రేకు వేశారు. పొరుగున బంగ్లాదేశ్‌లో 2014 నుంచి రైతులు సాగు చేస్తున్నారు. ఆ వాదం ఎటు తేలినా మూడో ఫొటో మాత్రం మారదు. ఆ విత్తనంలోని జన్యువు కాయతొలిచే పురుగు మీద పని చేస్తుంది. బాక్టీరియాను అది ఏమీ చేయదు. ఏ విత్తనం వేసినా, వాలిన మొక్కకు కారణం ఏమిటో రైతు గుర్తుపట్టాల్సిందే.

బాబాయి తోటలో చేసిన పని చెప్పుకోవడానికి చిన్నదే. వారానికోసారి పొద్దున్నే తిరిగి వాడిన ప్రతి చివరనూ వాడిన భాగానికి అంగుళం కింద తుంచడం, పుచ్చు కాయలన్నీ కోయడం, రెండింటినీ సంచిలో వేసి పొలం బయట లోతుగా పాతిపెట్టడం. అంతకుముందు తుంచిన చివర్లను గట్టు మీద పారేసేవారు. పురుగు తీరిగ్గా బయటకు పాకి, ఆ చెత్తలోనే గూడు కట్టేది. పాత పంట వంగ కట్టెను వంటచెరుకుగా పొలం పక్కనే పేర్చిన సంగతి కూడా తర్వాతి ఫొటోలో బయటపడింది. కొత్త తోటకు రెక్కల పురుగులు వచ్చేది ఎక్కువగా అలాంటి కుప్పల నుంచే. దాన్నీ అక్కడి నుంచి తీయించారు. మందు కొట్టాల్సి వస్తే డబ్బా మీద రాసిన విరామం ముగిశాకే కోయాలి. నాలుగైదు రోజులకోసారి కోసే పంటలో చాలా మందులకు ఆ విరామం దొరకదు. అందుకే తుంచడం ముందు, మందు తర్వాత.

పుచ్చు పూర్తిగా పోలేదు. పక్క పొలంలోనూ వంగ ఉంది, రెక్కల పురుగుకు సరిహద్దు రాళ్లు తెలియవు. అయితే మొన్న వచ్చిన ఫొటోలో అరచేయి అడ్డం ఉంది, చీల్చిన కొమ్మ ఉంది, పక్కన రూపాయి ఉంది. కింద ప్రశ్న లేదు. "రెండు దొరికాయి, మూడు ఖాళీ. కోత యథాప్రకారం" అని మాత్రం రాశారు బాబాయి.