ఫలితము లేనిదే ప్రతిఫలము లేదు

కడలిలో ఆపదపాలైన ఓడను రక్షించిన వారికి ప్రతిఫల మెంత ఇవ్వవలెనన్న ప్రశ్న మన కళాశాలలో చర్చకు రావడం అరుదు. ఇది న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయమని మిత్రులు కొందరు మాతో అన్నారు. మేము అలా భావించడం లేదు. విశాఖపట్నం తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ నౌక 'మా'ను 2020 అక్టోబరు తరువాత చూడబోయిన వారందరూ, తెలిసో తెలియకో, ఈ ప్రశ్న ముందే నిలబడ్డారు. దానిని తిరిగి నీటిలోకి దింపే ప్రయత్నాలు ఫలించలేదు. అటువంటి ఓడ కోసం శ్రమించిన వారికి ఎవరు, ఎంత, ఏ లెక్కన చెల్లించాలి?

పాతకాలపు సముద్ర న్యాయం దీనికిచ్చే సమాధానం కఠినమైనదే గాని తేటతెల్లమైనది. ఫలితము లేనిదే ప్రతిఫలము లేదు. ఓడ ఆపదలో ఉండాలి, రక్షించవచ్చిన వాడు ఆ పనికి ముందే కట్టుబడి ఉన్నవాడు కాకూడదు, కొంతయినా ఆస్తి దక్కాలి. ఈ మూడూ కుదిరితే సాల్వరుకు బహుమానం లభిస్తుంది. కుదరకపోతే, రెండు టగ్గులు, ముప్పది మంది మనుషులు పది దినాలు తుపానులో పోరాడినా చేతికి చిల్లిగవ్వ రాదు. ఆ బహుమానం దక్కిన ఆస్తి విలువను మించకూడదన్న నియమం కూడా ఉంది. ఇక్కడ విలువ అంటే పని ముగిసిన చోట, ముగిసిన నాడు ఉన్న విలువ.

ఈ సూత్రం వెనుక ఒక తెలివి ఉన్నది. మునిగిపోతున్న నౌకపై నిలిచిన కప్తానుకు బేరమాడే సావకాశ ముండదు. కనుక ముందుగా ధర నిర్ణయించకుండా సంతకం చేసి, ధరను తరువాత లండనులో మధ్యవర్తి తేల్చే పద్ధతి ఏర్పడింది. 1908 నుండి అచ్చులో ఉన్న లాయిడ్స్ ఓపెన్ ఫారం అదే. సంతకం లేకున్నా, రేడియోలో ఒప్పుకున్నా సరిపోతుంది.

మధ్యవర్తి దేనిని తూచుతాడు? దక్కిన ఆస్తి విలువ, ఆపద ఎంత తీవ్రమైనది, సాల్వర్ల నైపుణ్యము, వారు వెచ్చించిన కాలము, ఖర్చు, పొందిన నష్టము, వారు తమ టగ్గులను, మనుషులను ఎంత ప్రమాదంలోకి నెట్టారు, ఎంత సత్వరంగా చేరుకున్నారు, తీరాన్ని కాలుష్యం నుండి కాపాడడంలో ఎంత శ్రమించారు అన్నవి. 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజి ఒడంబడిక పదమూడవ అధికరణం వీటిని వరుసగా చెప్పి, ఆ వరుసకు ప్రాధాన్యం లేదని కూడా చెప్పింది. మొత్తం తేలిన తరువాత భారాన్ని ఓడ, సరకు తమతమ విలువల దామాషాలో మోస్తాయి. ఉదాహరణకు దక్కిన ఓడ విలువ 2 కోట్లు, సరకు విలువ 6 కోట్లు అనుకుందాం. బహుమానం 80 లక్షలుగా తేలితే ఓడ యజమాని 20 లక్షలు, సరకు యజమానులు 60 లక్షలు ఇస్తారు. సొమ్ముకు హామీ ఇచ్చేవరకు సాల్వరుకు ఆ ఆస్తిపై హక్కు ఉంటుంది.

ప్రాణాలు కాపాడబడినవారు మాత్రం ఏమీ చెల్లించనక్కరలేదు. అది ధర్మమే. కాని ఆస్తి ఏదీ దక్కక ప్రాణాలు మాత్రమే దక్కిన చోట కాపాడినవారికి కూడా ఏమీ రాదు. ఇది మాకు మింగుడుపడని విషయం. అయినా ఇక్కడ దాన్ని వదలి, ఇంతకంటె పెద్ద చిక్కును చూద్దాం.

1978 మార్చి 16వ తేదీ ఉదయం, ఫ్రాన్సుదేశపు బ్రిటనీ తీరానికి ఎదురుగా, 'అమోకో కాడిజ్' అనే నౌక చుక్కాని పనిచేయడం మానింది. దానిలో సుమారు 2 లక్షల 20 వేల టన్నుల ముడిచమురు ఉన్నది. పెనుగాలి దానిని ఒడ్డు వైపుకు తోస్తున్నది. జర్మన్ టగ్గు 'పసిఫిక్' మధ్యాహ్నం వేళకు వచ్చి ఓపెన్ ఫారంపై ఒప్పుకొమ్మన్నది. కప్తాను అందుకు తటపటాయించాడు. చికాగోలోని యజమానుల అనుమతి కావలసివచ్చింది. సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో గాని అంగీకారం రాలేదు. ఆ జాప్యమే ఓడను ముంచిందని లోకం చెప్పుకున్నది. మేము ఆ మాటను పూర్తిగా నమ్మలేము. మాటలు సాగుతుండగానే టగ్గు తాడు కట్టింది. ఆ తాడు తెగడం, మళ్ళీ కట్టడానికి రాత్రి వరకు పట్టడం, ఒక్క టగ్గు బలం అంత బరువుకు చాలకపోవడం, ఇవే మాకు అసలు కారణాలుగా తోస్తున్నవి. రాత్రి తొమ్మిది దాటిన కొద్దిసేపటికి నౌక పోర్సాల్ రాళ్ళకు తగిలింది. దానిలోని చమురంతా సముద్రం పాలయింది.

ఇప్పుడు సూత్రాన్ని దీనికి వర్తింపజేయండి. ఓడ పోయింది, సరకు పోయింది, కనుక ప్రతిఫలం లేదు. ఆ టగ్గు తాను కూడా రాళ్ళపైకి పోయే ప్రమాదాన్ని భరించి దినమంతా పెనుగులాడింది. సూత్రం ప్రకారం అది లెక్కలోకి రాదు. తీరంలోని మత్స్యకారులకు అది లెక్కలోకి వచ్చే విషయం కాదా? ఇంకొక విధంగా ఆలోచించండి. పాత ఓడ ఒకటి, విలువ పదిలక్షలు, కడుపునిండా చమురు. దానిని దూరంగా లాగితే తీరం దక్కుతుంది, ఓడ మాత్రం చివరకు తుక్కే. బహుమానం పదిలక్షలను మించజాలదు. టగ్గు యజమాని లెక్క వేసుకుని ఇంటికి పోతే అతనిని తప్పుపట్టలేము. మనం రక్షించమని కోరేది ఒకటి, కొలిచి చెల్లించేది మరొకటి.

ఈ లోపాన్ని లోకం నెమ్మదిగా గుర్తించింది. 1980 నాటి ఓపెన్ ఫారం, చమురు నిండిన టాంకరు విషయంలో పని విఫలమైనా ఖర్చులు, ఆపైన 15 శాతం వరకు ఇవ్వడానికి ఒప్పుకున్నది. 1989 ఒడంబడిక పదునాల్గవ అధికరణం మరింత ముందుకు నడిచింది. తీరానికి ముప్పు తెచ్చిన ఓడ విషయంలో సాల్వరుకు ఖర్చులు ఎట్లాగూ రావాలి. కాలుష్యాన్ని నిజంగా తగ్గించగలిగితే 30 శాతం వరకు, న్యాయమని తోస్తే నూరు శాతం వరకు పెంచవచ్చు. దీనిని ఓడ యజమానే భరించాలి, సరకు యజమాని కాదు.

చూడడానికి ఇది చక్కగానే ఉన్నది. కాని 1992లో మలక్కా జలసంధి వద్ద ఒక కంటైనరు నౌకతో ఢీకొని, చమురు అంటుకుని మండిన 'నాగసాకి స్పిరిట్' కథ మరొక చిక్కును విప్పిచూపింది. ఖర్చులలో చేరే సరసమైన రేటులో లాభం కూడా కలిసి ఉంటుందా? 1997లో బ్రిటిష్ ప్రభువుల సభ లేదని తీర్పుచెప్పింది. సిద్ధంగా వేచి ఉన్నందుకయ్యే నిర్వహణ వ్యయం చేర్చవచ్చు, లాభం మాత్రం కూడదు.

పదాల అర్థాన్ని బట్టి ఆ తీర్పు సరియైనదే కావచ్చు. మాకు దానితో పేచీ ఉన్నది. ఎనిమిది నెలలు ఏ ఓడా ఆపదలో పడకపోతే టగ్గు రేవులో ఊరకనే నిలిచి ఉంటుంది. సిబ్బంది జీతం ఆగదు. ఆ కాలపు ఖర్చు చేతికి వచ్చినా, పెట్టుబడిపై లాభం రాకపోతే కొత్త టగ్గు ఎవరు కొంటారు?

1999లో ఓడ యజమానుల బీమా సంఘాలు, సాల్వర్లు కలిసి 'స్కోపిక్' అనే నిబంధన చేర్చుకున్నారు. ముందే నిర్ణయించిన రేట్లు, ఆపైన 25 శాతం. కాని సాల్వరు దానిని పిలిచి, తరువాత మామూలు బహుమానం దానికంటె ఎక్కువైతే, ఆ వ్యత్యాసంలో 25 శాతం అతని బహుమానం నుండి కోతపడుతుంది. జూదగాని తెలివి ఇందులో లేకపోలేదు. కనుక ఎప్పుడు పిలవాలన్నది మునిగే ఓడ పక్కన నిలిచే సాల్వరు వేసుకోవలసిన మరొక లెక్క. తీరాన్ని కాపాడినందుకు నేరుగా, ఓడ విలువతో సంబంధం లేకుండా, ప్రతిఫలం ఇచ్చే నియమం ఇంకా రాలేదు. అది రావాలనే మా అభిప్రాయం.