వాలెట్ బ్లాక్ అయిందా? ముందు ఏ తాళం పడిందో చూడండి

కరీంనగర్‌లో కిరాణా కొట్టు ముందు నిలబడి క్యూఆర్ స్కాన్ చేశారు. పిన్ తప్పు కొట్టారు. కంగారులో ఇంకో రెండుసార్లు కొడితే అవీ తప్పే. ఇక ఆ యాప్‌లో ఖాతా నుంచి రూపాయి కదలదు. చాలామంది దీన్నే 'వాలెట్ బ్లాక్' అంటారు. నిజానికి ఇక్కడ తాళం వేసింది యాప్ కాదు, మీ బ్యాంకు.

యూపీఐ పిన్‌ను సరిచూసేది ఖాతా ఉన్న బ్యాంకే. వరుసగా మూడుసార్లు తప్పయితే సాధారణంగా 24 గంటల పాటు ఆ ఖాతాకు పిన్ పనిచేయదు. తెరపై Z6 అనే కోడ్ కానీ, ప్రయత్నాల పరిమితి దాటిందన్న సందేశం కానీ కనిపిస్తే ఇదే కారణం. మరో యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నా లాభం లేదు, పిన్ ఖాతాకు చెందినది కాబట్టి అక్కడా అదే జవాబు వస్తుంది. పిన్ గుర్తుంటే ఓ రోజు ఆగండి. మర్చిపోతే డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీతో కానీ, ఆధార్ ఓటీపీతో కానీ కొత్త పిన్ పెట్టుకోవచ్చు. వాలెట్‌లో ముందే వేసుకున్న డబ్బుకు ఈ తాళంతో సంబంధం లేదు.

అసలు చిక్కు రెండో రకంతో. అది కేవైసీ, అంటే గుర్తింపు ధ్రువీకరణ, విఫలమైనప్పుడు పడే తాళం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దీనికి రెండు కారణాలు ఎక్కువగా ఎదురవుతాయి: పేరు, ఫోన్ నంబరు.

ఓ ఉదాహరణ తీసుకుందాం. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లిన ఒకాయన రెండేళ్లకు తిరిగొచ్చాడు. ఇక్కడి సిమ్ రీచార్జ్ లేక ఎప్పుడో రద్దయింది. వాడకం లేకుండా 90 రోజులు దాటిన నంబరును కంపెనీ ఆపేయవచ్చు, కొంతకాలానికి మరొకరికి ఇచ్చేయవచ్చు కూడా. ఆయన కొత్త సిమ్‌తో వాలెట్ తెరిచి ఆధార్ ఓటీపీ అడిగాడు. ఓటీపీ పాత నంబరుకు వెళ్లింది. నాలుగైదుసార్లు ప్రయత్నించేసరికి యాప్ దారి మూసేసింది. ఇలాంటప్పుడు యాప్‌తో కుస్తీ పట్టి ఉపయోగం లేదు. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి కొత్త నంబరు జోడించుకోవాలి. రుసుము 75 రూపాయలు, పత్రాలేవీ అక్కర్లేదు. తర్వాత బ్యాంకు శాఖలోనూ నంబరు మార్పించుకోవాలి. ఆ రెండూ అయ్యాకే యాప్‌లో మళ్లీ ప్రయత్నించాలి.

నంబరు సరిపోయినా ఆయనకు ఇంకో అడ్డంకి ఉంది. ఆధార్‌లో Gurram Laxmaiah, పాన్‌లో G Lakshmaiah. మన దగ్గర లక్ష్మిని ఎక్స్‌తో రాయడం మామూలే, ఇంటిపేరును పొడి అక్షరం చేయడమూ మామూలే. చదివే మనిషికి ఇద్దరూ ఒక్కరే. పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం వేర్వేరు. ఇలాంటప్పుడు ఆధార్ జోలికి వెళ్లకుండా పాన్‌ను దానికి తగ్గట్టు సరిచేయించడమే మంచిదని నా సలహా. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, ఆ అవకాశాన్ని చిన్న విషయానికి ఖర్చు చేయొద్దు. బ్యాంకు పుస్తకంలోని పేరు కూడా ఓసారి చూసుకోండి.

మరి వాలెట్‌లో ఉన్న డబ్బు? పూర్తి కేవైసీ లేని వాలెట్‌లో నిల్వ 10,000 రూపాయలు దాటకూడదు. నగదుతోనూ నింపుకునే ఇలాంటి వాలెట్‌ను 24 నెలల్లో పూర్తి కేవైసీకి మార్చుకోకపోతే కొత్తగా డబ్బు వేయడం కుదరదు, ఉన్నది మాత్రం ఖర్చు పెట్టుకోవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధన ఇది. వాలెట్ మూసేసి, ఏ ఖాతా నుంచి వేశారో ఆ ఖాతాకే మిగిలిన డబ్బు తిరిగి తెప్పించుకునే హక్కు కూడా ఉంది.

పత్రాలన్నీ సరిగ్గా ఉన్నా తాళం తీయకపోతే యాప్‌లోని సహాయ విభాగంలోనే ఫిర్యాదు చేసి నంబరు దాచుకోండి. తిరస్కరించినా, 30 రోజుల్లో జవాబు రాకపోయినా రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారం కోసం 14448కు ఫోన్ చేయవచ్చు.

గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి మాత్రం ఫోన్ చేయొద్దు. తాళం తీస్తామంటూ ఓటీపీయో, పిన్నో అడిగినా, స్క్రీన్ చూపించే యాప్ పెట్టుకోమన్నా అది మోసమే. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.